నెలలు నిండకముందే పుట్టే బిడ్డ: ఒక్కో వారం ఎంత తేడా తెస్తుంది?

‘ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతికి బట్టకడుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ మాత్రం దక్కదు’ అనే మాట తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎనిమిదో నెలలో నొప్పులు మొదలైతే పెద్దవాళ్లు బెంబేలెత్తిపోతారు. ఏడో నెలలో అదే జరిగితే, భయపడుతూనే ఈ మాటతో ఒకరికొకరు ధైర్యం చెప్పుకొంటారు.

వైద్యశాస్త్రం చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. తల్లి కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డ బతికే అవకాశాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. ఎనిమిదో నెల బిడ్డ కన్నా ఏడో నెల బిడ్డకు ముప్పు ఎప్పుడూ ఎక్కువే.

మరి ఆ నమ్మకం ఎలా పుట్టింది? నెలల లెక్క కచ్చితంగా తెలియని రోజుల్లో, బతికిన ‘ఏడో నెల బిడ్డ’ నిజానికి ఎనిమిదో నెల దాటినవాడై ఉండవచ్చు. పైగా ఏడో నెలలో పుట్టి బతికిన బిడ్డ గురించి ఊరంతా పదేళ్లపాటు చెప్పుకొంటుంది. పుట్టిన గంటలోనే కన్నుమూసిన బిడ్డ ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ నమ్మకం వెనుక ఉన్న అసలు సమస్య మాత్రం నేటికీ పోలేదు. బిడ్డకు ఎన్ని వారాలు నిండాయో సరిగ్గా తెలియకపోవడమే ఆ సమస్య. ఏ ఆసుపత్రికి తరలించాలి, ఏ ఇంజెక్షన్ ఇవ్వాలి, కంటి పరీక్ష ఎప్పుడు చేయించాలి అన్న ప్రతి నిర్ణయమూ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

‘నెలలు నిండలేదు’ అని ఎప్పుడు అంటారు?

గర్భధారణ కాలాన్ని వైద్యులు నెలల్లో కాక వారాల్లో లెక్కిస్తారు. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి ఈ లెక్క ఆరంభమవుతుంది. అంటే నిజానికి పిండం ఏర్పడటానికి ముందు గడిచే సుమారు రెండు వారాలు కూడా ఇందులో కలిసిపోతాయి. ఈ లెక్కన నిండు గర్భం 40 వారాలు, అంటే 280 రోజులు.

37 వారాలు పూర్తికాకముందు పుట్టిన ప్రతి బిడ్డనూ నెలలు నిండని బిడ్డగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. ఇక్కడ ‘పూర్తికావడం’ అన్నది ముఖ్యం. 36 వారాల 6 రోజులకు పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డే. మరుసటి రోజు పుడితే నెలలు నిండినట్టు లెక్క.

ఈ విభాగంలో మళ్లీ మూడు మెట్లున్నాయి. 28 వారాల లోపు పుట్టినవారిని అత్యంత ముందుగా పుట్టినవారిగా, 28 నుంచి 32 వారాల లోపు పుట్టినవారిని చాలా ముందుగా పుట్టినవారిగా, 32 నుంచి 37 వారాల లోపు పుట్టినవారిని ఓ మోస్తరు ముందుగా పుట్టినవారిగా విభజిస్తారు. నెలలు నిండని బిడ్డల్లో అత్యధికులు ఈ మూడో విభాగంలోకే వస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. లీపు సంవత్సరం కాని ఒక ఏడాదిలో, ఒక గర్భిణికి చివరి నెలసరి జనవరి 1న మొదలైందనుకుందాం. ఆమెకు జులై 16తో 28 వారాలు, ఆగస్టు 13తో 32 వారాలు, ఆగస్టు 27తో 34 వారాలు, సెప్టెంబరు 17తో 37 వారాలు నిండుతాయి. కాన్పు తేదీ అక్టోబరు 8. జులై 26న ఆమెకు నొప్పులు వస్తే బిడ్డ వయసు 29 వారాల 3 రోజులు.

ఇదే విషయాన్ని ఇంట్లో వాళ్లు ‘ఏడో నెల’ అని చెబుతారు. చిక్కు ఇక్కడే వస్తుంది. ఏడో నెల పడిందంటే సుమారు 26 వారాలు. ఏడు నెలలూ నిండాయంటే సుమారు 30 వారాలు. ఒకే మాటలో నాలుగు వారాల తేడా దాగి ఉంది. నెలలు నిండని బిడ్డ విషయంలో నాలుగు వారాలంటే జీవన్మరణాల మధ్య ఉన్నంత దూరం.

నెలసరి తేదీ గుర్తులేకపోయినా, నెలసరి క్రమంగా రాకపోయినా తొలి మూడు నెలల్లో చేసే స్కానింగే ఆధారం. ఆ దశలో పిండం తల నుంచి పిరుదుల వరకు ఉన్న పొడవును కొలుస్తారు. పిండాలన్నీ అప్పుడు దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి కనుక ఈ కొలత ఐదు నుంచి ఏడు రోజుల తేడాతో వయసు చెప్పగలదు. చివరి మూడు నెలల్లో తొలిసారి స్కానింగ్ చేస్తే మాత్రం మూడు వారాల వరకు పొరపాటు పడే వీలుంది. ఎందుకంటే అప్పటికి కొందరు బిడ్డలు లావుగా, కొందరు సన్నగా పెరిగి ఉంటారు. ఆ దశలో బిడ్డ చిన్నగా కనిపిస్తే, వారాలు తక్కువా లేక ఎదుగుదల తక్కువా అన్నది తేల్చడం కష్టం.

వారం గడిస్తే శరీరంలో ఏం మారుతుంది?

ముందుగా పుట్టిన బిడ్డకు ఎదురయ్యే మొదటి గండం ఊపిరి. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు లోపలివైపు తడిగా ఉంటాయి. తడిగా ఉన్న రెండు పలుచని పొరలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టే, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ తిత్తులు ముడుచుకుపోయే ప్రమాదం ఉంటుంది. అలా జరగకుండా సబ్బు నురగలా పనిచేసే ఒక జిగట పదార్థాన్ని ఊపిరితిత్తులే తయారు చేసుకుంటాయి. దాని పేరు సర్ఫాక్టెంట్.

సుమారు 24వ వారం నుంచి ఈ పదార్థం తయారవడం మొదలై, 34, 35 వారాలకు కానీ తగినంతగా సమకూరదు. ఆలోగా పుట్టిన బిడ్డ ప్రతి శ్వాసకూ పోరాడాలి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపించడం, ముక్కుపుటాలు ఎగరేయడం దీని గుర్తులు.

రెండో గండం మెదడులో రక్తస్రావం. మెదడు లోపలి ఖాళీల పక్కన, కొత్త కణాలు పుట్టే చోట, అతి సున్నితమైన రక్తనాళాల వల ఉంటుంది. 32 నుంచి 34 వారాల నాటికి ఆ వల క్రమంగా కనుమరుగవుతుంది. అంతకుముందే పుట్టిన బిడ్డలో రక్తపోటు ఏమాత్రం ఒడుదొడుకులకు లోనైనా ఆ నాళాలు చిట్లవచ్చు. ఇలాంటి రక్తస్రావాల్లో ఎక్కువ భాగం పుట్టిన మూడు రోజుల్లోనే జరుగుతాయి.

మూడోది పాలు తాగడం. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం అనే మూడు పనులనూ ఒక వరుసలో చేయగల నేర్పు సుమారు 34 వారాలకు కానీ రాదు. అందుకే అంతకన్నా ముందు పుట్టిన బిడ్డలకు తల్లి పాలను పిండి, ముక్కు లేదా నోటి గుండా వేసిన సన్నని గొట్టంతో పొట్టలోకి పంపిస్తారు. చర్మం కింద కొవ్వు పేరుకునేది కూడా చివరి వారాల్లోనే. అది లేనందువల్ల ఈ బిడ్డల ఒళ్లు చూస్తుండగానే చల్లబడిపోతుంది.

బతికే అవకాశం ఎంత?

22 నుంచి 26 వారాల మధ్య పుట్టిన బిడ్డల తల్లిదండ్రులకు ఏం చెప్పాలన్నదానిపై బ్రిటన్‌లోని పసికందుల వైద్యుల సంఘం 2019లో ఒక మార్గదర్శిని వెలువరించింది. ప్రాణంతో పుట్టి, పూర్తి స్థాయి చికిత్స అందిన బిడ్డలకు వర్తించే లెక్క అది.

దాని ప్రకారం 22 వారాలకు పుట్టిన ప్రతి 10 మందిలో ముగ్గురు బతుకుతారు. 23 వారాలకు ఆ సంఖ్య నాలుగు, 24 వారాలకు ఆరు, 25 వారాలకు ఏడు, 26 వారాలకు ఎనిమిది. బతికినవారిలో తీవ్ర వైకల్యం మిగిలేవారు 22 వారాల దగ్గర ముగ్గురిలో ఒకరైతే, 26 వారాల దగ్గర పది మందిలో ఒకరు. 28 వారాలకు వచ్చేసరికి అమెరికాలోని పెద్ద ఆసుపత్రుల్లో 100 మందిలో సుమారు 94 మంది ప్రాణాలతో ఇంటికి చేరుతున్నారు. 32 వారాలు దాటితే సంపన్న దేశాల్లో దాదాపు అందరూ బతుకుతున్నారు.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. 23 నుంచి 25 వారాల మధ్య ఒక్క వారం ఆగితే అవకాశం ఎంతగానో మారిపోతుంది. 30 దాటాక ఒక్క వారం తెచ్చే తేడా ప్రాణానికి సంబంధించినంతవరకు తక్కువ. అయితే ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు, శ్వాస ఇబ్బంది, తర్వాతి ఎదుగుదల మాత్రం అక్కడ కూడా వారం వారం మారుతూనే ఉంటాయి.

వారం ఒక్కటే సర్వస్వం కాదు. ఒకే వారంలో పుట్టిన ఇద్దరిలో బరువు ఎక్కువున్న బిడ్డకు, మగబిడ్డ కన్నా ఆడబిడ్డకు, కవలల కన్నా ఒంటిగా పుట్టిన బిడ్డకు, కాన్పుకు ముందు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అందిన బిడ్డకు అవకాశం మెరుగ్గా ఉంటుంది.

వారం ఒక్కటే, ఊరు వేరు

అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది బిడ్డ పుట్టిన చోటు. పేద దేశాల్లో 32 వారాలకు, అంతకన్నా ముందు పుట్టిన బిడ్డల్లో సగం మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెచ్చదనం, తల్లిపాలు, ఇన్ఫెక్షన్లు సోకకుండా చూడటం, శ్వాసకు సాయం వంటి మామూలు సేవలు అందకపోవడమే దీనికి కారణం.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీకి పుట్టిన పాట్రిక్ అనే బిడ్డ 34 వారాలు దాటి పుట్టాడు. బరువు రెండు కిలోలకు పైనే. అయినా ఊపిరితిత్తులు సహకరించక రెండు రోజులైనా నిండకుండానే కన్నుమూశాడు. దేశాధ్యక్షుడి బిడ్డకు నాడు దక్కని వైద్యం నేడు భారతదేశంలో జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు విభాగాల్లో చాలావరకు అందుబాటులో ఉంది. ఆ వయసు, ఆ బరువు ఉన్న బిడ్డను అక్కడ సాధారణంగా కాపాడగలుగుతున్నారు.

దక్షిణాసియాకు ఇది అతి పెద్ద సమస్య. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టగా, వారిలో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారన్నది ఒక అంతర్జాతీయ అంచనా. అదే అంచనాలో బంగ్లాదేశ్‌లో ప్రతి 100 కాన్పుల్లో 16, పాకిస్తాన్‌లో 14, భారత్‌లో 13 నెలలు నిండనివే.

నొప్పులు మొదలయ్యాక మిగిలే 48 గంటలు

పైన చెప్పుకొన్న 29 వారాల 3 రోజుల గర్భిణి దగ్గరికి మళ్లీ వద్దాం. జులై 26 ఉదయం ఆమెకు నడుము కింది భాగంలో పట్టేసినట్టు నొప్పి మొదలైంది. పొట్ట పది నిమిషాలకోసారి గట్టిపడి వదులవుతోంది. కొద్దిగా నీరు పోతున్నట్టు అనిపించింది. ఇవి అజీర్తి నొప్పులు కావు. నిండు నెలల్లో అయితే ఇంట్లో కాసేపు వేచి చూడవచ్చేమో కానీ, ఈ వారంలో వెంటనే బయలుదేరాలి.

ఆమె ముందుగా చేరేది దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడి నర్సుకు మొదట కావాల్సింది వారాల లెక్క. మాతాశిశు సంరక్షణ కార్డులో చివరి నెలసరి తేదీ, తొలి స్కానింగ్ వివరాలు ఉంటే క్షణంలో తేలిపోతుంది. 24 నుంచి 34 వారాల మధ్య అయితే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఒక్కోసారి 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకోసారి, మొత్తం నాలుగు మోతాదులు. ఈ మందు మాయ గుండా బిడ్డకు చేరి, ఊపిరితిత్తులు త్వరగా పరిణతి చెందేలా చేస్తుంది.

పెద్దాసుపత్రికి పంపే ముందే ఏఎన్ఎం తొలి మోతాదు ఇచ్చి పంపవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది. నాలుగు మోతాదులూ పూర్తయ్యేదాకా కాన్పు ఆగకపోయినా, అందిన మేరకు ప్రయోజనం ఉంటుంది.

ఆ తర్వాత 108 అంబులెన్సులో, నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రికి తరలించాలి. కాన్పయ్యాక బిడ్డను తరలించడం కన్నా బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని తరలించడం మేలు. ప్రయాణానికి తల్లి గర్భాన్ని మించిన ఇంక్యుబేటర్ లేదు. ఆసుపత్రిలో నొప్పులను కొంతసేపు నెమ్మదింపజేసే మాత్రలు ఇస్తారు. ఇవి కాన్పును వారాల తరబడి ఆపలేవు. స్టెరాయిడ్ పనిచేయడానికి కావాల్సిన రెండు రోజుల వ్యవధిని సంపాదించిపెట్టడమే వాటి పని. 32 వారాల లోపు కాన్పు తప్పదనుకుంటే, బిడ్డ మెదడుకు రక్షణగా తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎక్కిస్తారు.

అయితే ఉమ్మనీటికి ఇన్ఫెక్షన్ సోకినా, తల్లి రక్తపోటు ప్రమాదకర స్థాయికి చేరినా, అధిక రక్తస్రావం అవుతున్నా కాన్పును ఆపకూడదు. అప్పుడు బిడ్డకు గర్భమే ప్రమాదకరమైన చోటు అవుతుంది.

లెక్క తప్పితే మందే ముప్పు

ఇంత మేలు చేసే ఇంజెక్షన్‌ను ముందుజాగ్రత్తగా అందరికీ ఇస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు రెండు పెద్ద అధ్యయనాలు సమాధానమిచ్చాయి.

భారత్, పాకిస్తాన్ సహా ఆరు దేశాల్లో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గ్రామాల స్థాయిలో, చాలాచోట్ల స్కానింగ్ లేకుండా, అంచనా మీద స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇచ్చిన తల్లుల్లో చాలామందికి నిజానికి నెలలు నిండాకే కాన్పు అయింది. ఫలితంగా నెలలు నిండని బిడ్డల మరణాలు తగ్గకపోగా, మొత్తం మీద పసికందుల మరణాలు కొంత పెరిగాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి.

భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన మరో అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ఈసారి స్కానింగ్‌తో వారాలు తేల్చుకుని, 26 నుంచి 34 వారాల లోపు ఉన్న తల్లులకే, పసికందులకు వైద్యం అందించగల ఆసుపత్రుల్లోనే మందు ఇచ్చారు. మందు అందని వర్గంలో 100 మందిలో సుమారు 23 మంది బిడ్డలు చనిపోగా, అందిన వర్గంలో ఆ సంఖ్య 20 లోపే. ప్రతి 25 మంది తల్లులకు మందు ఇస్తే ఒక బిడ్డ ప్రాణం నిలిచింది.

మందు ఒకటే. ఒక చోట హాని, మరో చోట మేలు. బిడ్డకు ఎన్ని వారాలో తెలిసి ఇచ్చారా, పుట్టాక చూసుకునే ఏర్పాటు ఉందా అన్నవే తేడా తెచ్చాయి.

తల్లి గుండెల మీదే వెచ్చదనం

పుట్టాక బిడ్డకు శ్వాస అందించడంలో నేడు వెంటిలేటర్ కన్నా ముందు వాడేది సీప్యాప్ అనే పరికరం. ముక్కులోకి సన్నని గొట్టాలు పెట్టి, కాస్త ఒత్తిడితో గాలిని నిరంతరం పంపుతారు. దాంతో గాలితిత్తులు ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. అవసరమైతే సర్ఫాక్టెంట్‌ను నేరుగా శ్వాసనాళంలోకి పోస్తారు.

వెచ్చదనం విషయంలో మాత్రం యంత్రం కన్నా మనిషి మిన్న అని తేలింది. డైపరు, టోపీ తప్ప ఇతర దుస్తులు లేని బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తాకేలా నిలువుగా పడుకోబెట్టి, వస్త్రంతో కట్టే పద్ధతిని కంగారూ మదర్ కేర్ అంటారు. ఇన్‌క్యుబేటర్ల కొరతతో సతమతమైన కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర ఇది మొదలైంది.

బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే దీన్ని మొదలుపెట్టాలని చాలాకాలం భావించారు. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి సహా ఐదు దేశాల్లోని ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో ఆ భావనను మార్చేసింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఎదపై ఉంచితే, నెల రోజుల్లో మరణాలు 100కు 15.7 నుంచి 12కు తగ్గాయి. ఆ బిడ్డలు రోజుకు సగటున 17 గంటలు తల్లి లేదా కుటుంబంలో మరొకరి ఒంటి మీదే గడిపారు. అలా సాధ్యం కావాలంటే పసికందుల వార్డులోనే తల్లికీ మంచం వేయాలి. అదే కొత్త విషయం.

బతికాక పొంచి ఉండే గండం: కన్ను

1996 ఆగస్టులో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక ఆడబిడ్డ 29వ వారంలో పుట్టింది. బరువు 1,250 గ్రాములు. మూడు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉంచి, సెప్టెంబరులో ఇంటికి పంపారు. అంత ముందుగా పుట్టిన బిడ్డ బతికిందని కుటుంబం ఊపిరి పీల్చుకుంది. నాలుగు నెలలు దాటాక మరో వైద్యుడు చూస్తే కానీ తెలియలేదు, ఆ పాప కళ్లు దెబ్బతిన్నాయని. అప్పటికే చేయిదాటిపోయింది. పాప చూపు పూర్తిగా పోయింది.

ఆ తండ్రి సాగించిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంటి పరీక్ష చేయించాలన్న సంగతి కూడా తల్లిదండ్రులకు చెప్పకపోవడం నిర్లక్ష్యమేనని, కుటుంబానికి సుమారు రూ. 1.8 కోట్ల పరిహారం చెల్లించాలని 2015 జులైలో కోర్టు తీర్పు చెప్పింది.

ఈ వ్యాధి పేరు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. కంటి వెనుక పొర అంచుల దాకా రక్తనాళాలు అల్లుకోవడం సుమారు 40 వారాలకు కానీ పూర్తికాదు. ముందుగా పుట్టిన బిడ్డలో ఆ అల్లిక మధ్యలోనే ఆగి, ఆ తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి, చివరికి పొరనే ఊడదీస్తుంది. ఆక్సిజన్‌ను అవసరానికి మించి ఇవ్వడం ఈ ముప్పును పెంచుతుంది.

ఇది పైకి కనిపించదు. కన్ను చూడటానికి మామూలుగానే ఉంటుంది. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనిపించే వేళకు చికిత్స సమయం మించిపోయినట్టే. అందుకే 34 వారాల లోపు లేదా రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన ప్రతి బిడ్డకూ, పుట్టిన నాలుగు వారాల లోపు కంటి నిపుణుడి పరీక్ష జరగాలని భారతదేశంలో నియమం. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు పుట్టినవారికి రెండు, మూడు వారాల్లోనే జరగాలి. సకాలంలో గుర్తిస్తే లేజర్ చికిత్సతో చూపు కాపాడవచ్చు.

సంపన్న దేశాల్లో ఈ వ్యాధి ఎక్కువగా అతి చిన్న బిడ్డలకే వస్తుంది. భారత్‌లో 30 వారాలు దాటి పుట్టిన, కాస్త బరువున్న బిడ్డల్లోనూ కనిపిస్తోంది. అందుకే ఇక్కడ పరీక్ష పరిధిని విస్తృతంగా పెట్టారు. బిడ్డ బాగుందనుకుని ఇంటికి వెళ్లిపోయిన కుటుంబాలే ఈ పరీక్షను ఎక్కువగా తప్పిపోతుంటాయి.

చివరి వారాలు చిన్నవి కావు

34 నుంచి 37 వారాల లోపు పుట్టిన బిడ్డలు చూడటానికి నిండు నెలల బిడ్డల్లాగే ఉంటారు. ఆ రూపమే మోసం చేస్తుంది. వీరు పాలు తాగుతూనే అలసి నిద్రపోతారు. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, పచ్చకామెర్లు ఎక్కువ రోజులు, ఎక్కువ తీవ్రతతో ఉంటాయి. 34 వారాల బిడ్డ మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే.

37 వారాలు దాటాక కూడా తొందర పనికిరాదు. వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు ముందస్తుగా సిజేరియన్ చేయకూడదన్నది ప్రసూతి వైద్యుల సూత్రం. నొప్పులు రాకముందే 37, 38 వారాల్లో సిజేరియన్‌తో పుట్టిన బిడ్డల్లో శ్వాస ఇబ్బందులు ఎక్కువ. ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోవడానికి పురిటి నొప్పులు కూడా తోడ్పడటమే దీనికి కారణం.

తెలుగు రాష్ట్రాలకు ఇది దగ్గరి విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్‌తోనే జరిగాయి. వాటిలో కొన్నిటికి ముహూర్తం పెట్టుకుని మరీ తేదీ, సమయం నిర్ణయించుకుంటారు. మంచి నక్షత్రం కోసం 37వ వారానికి జరిపిన కాన్పు, బిడ్డకు దక్కాల్సిన రెండు వారాలను కోసేస్తుంది. వారాల లెక్కే పొరపాటైతే ఆ బిడ్డ నిజానికి 35 వారాల బిడ్డ కూడా కావచ్చు.

ఇంటికి వచ్చాక రెండు వయసులు

నెలలు నిండని బిడ్డకు రెండు వయసులుంటాయి. ఒకటి పుట్టిన రోజు నుంచి లెక్కించేది. రెండోది కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కించేది. జులై 26న పుట్టిన ఆ 29 వారాల బిడ్డకు జనవరి 26 నాటికి ఆరు నెలలు. కానీ అక్టోబరు 8 నుంచి లెక్కిస్తే మూడున్నర నెలలే. ఆ రోజున పక్కింటి ఆరు నెలల బిడ్డలా కూర్చోవడం లేదని కంగారు పడనక్కరలేదు. మెడ నిలపడం, నవ్వడం, పొర్లడం వంటివన్నీ రెండో వయసుతోనే చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే పద్ధతి. టీకాలకు మాత్రం సాధారణంగా పుట్టిన తేదీయే లెక్క. చిన్నగా ఉన్నాడని వాటిని వాయిదా వేయకూడదు.

ఈ లెక్కలన్నిటికీ మూలం ఒక్కటే తేదీ. నెల తప్పగానే చివరి నెలసరి తేదీని కార్డు మీద రాయించడం, తొలి మూడు నెలల్లో ఒక స్కానింగ్ చేయించి ఆ కాగితాన్ని భద్రపరచడం అప్పటికి చిన్న పనులుగానే కనిపిస్తాయి. ఏ అర్ధరాత్రో నొప్పులు మొదలై, ‘ఎన్నో నెల?’ అని నర్సు అడిగినప్పుడు, ‘29 వారాల 3 రోజులు’ అని చెప్పగలగడానికి పనికొచ్చేవి అవే.